థాయ్‌లాండ్ రొయ్యకు కొల్లేరు పేరు

లెస్టర్ తెలుగువారి సంఘం మెయిల్ గ్రూపులో హెప్సిబా పెట్టిన ప్రకటన ఒక్క ముక్క: "అసలైన కొల్లేరు రొయ్యల పచ్చడి, ఏలూరు వంట." ఆ ముక్కే ఆమె మెడకు చుట్టుకుంది.

ఫిర్యాదు చేసినవాడు తాడేపల్లిగూడెం ఫణికిరణ్. "మా మామగారు ఇక్కడికి వచ్చి ఉన్నారండీ. ఆకివీడు దగ్గర రొయ్యల చెరువులు చేసిన మనిషి. మొదటి ముద్దకే, ఇది కొల్లేరు రొయ్య కాదు, సముద్రపు రొయ్య అన్నారు. ప్రకటన మార్చకపోతే కమిటీకి రాస్తాను."

కమిటీ తన పేరు గ్రూపులోంచి కొట్టేస్తే పచ్చడి కొనే నాథుడుండడు. అంతకంటే బాధ, అతను రాసింది నిజం కావడం. సండే స్కూల్లో పిల్లలకు అబద్ధసాక్ష్యం పలుకరాదని నేర్పేది తానే. ఆమె కూర్చుని కొత్త ప్రకటన రాసింది.

"రొయ్యల పచ్చడి. రొయ్యలు థాయ్‌లాండ్‌వి, ఇక్కడి సూపర్‌మార్కెట్‌లో కొన్న ఫ్రోజెన్ సరుకు. పొట్టు, వెన్నులోని నల్లదారం తీసి, ఉప్పు, పసుపు పట్టించి, నీరు ఇగిరాక వేరుశనగ నూనెలో వేయించినవి. అల్లం, వెల్లుల్లి, మసాలా, చల్లారాక నిమ్మరసం. కారం మాత్రం ఏలూరు నుంచి మా అమ్మ పంపినది. రొయ్యలు, వేరుశనగ పడనివారు తినరాదు. ఫ్రిజ్‌లో ఉంచాలి, తడి చెంచా ముట్టించరాదు. చేసినది హెప్సిబా, లెస్టర్."

దానినే చిన్న అక్షరాలతో అచ్చుతీసి సీసాలకు అంటించి, ఫణికిరణ్‌కు ఒక సీసా ఉచితంగా పోస్టులో పంపింది.

అది చేరిన రోజే ఫణికిరణ్ ఫోన్ చేశాడు.

"ఏవండీ, థాయ్‌లాండ్ మాట అంత అవసరమా అండీ?"

"నిజం రాయమన్నది మీరే కదండీ."

"అసలైన అన్న మాట తీసేయమన్నాను గానీ, మీ పేరూ ఊరూ పెట్టమన్నానా?"

"పెడితే తప్పేమిటండీ?"

అవతల గొంతు తగ్గింది. "మీ దగ్గర కొన్న పచ్చడిని మా అమ్మే గూడెంలో చేసి పంపిందని మామగారితో చెప్పానండీ. పాపం, మీ అమ్మగారిని చేపలవాడు మోసం చేశాడని ఆయన జాలిపడ్డారు. మా అమ్మ పరువు పోయిందన్న ఉక్రోషంతోనే మీకు ఫిర్యాదు రాశాను. ఇప్పుడు పోస్టు ఆయన చేతికే వెళ్లింది. కళ్లజోడు పెట్టుకుని చదువుతున్నారండీ. ఆ చీటీ పొరపాటున అంటించారని ఒక్క మాట చెప్పరూ?"

"చెప్పనండీ," అంది హెప్సిబా. "నా ప్రకటన నేను దిద్దుకున్నాను. మీది మీరు దిద్దుకోండి."

అవతల ఫోన్ చేతులు మారింది.

"అమ్మా, నేను ఫణికిరణ్ మామగారిని, సత్యనారాయణమూర్తినండీ. రొయ్య మాత్రం చప్పిడి. అది మీ తప్పు కాదు, సముద్రం తప్పు. కానీ ఆ వేపుడు, ఆ కారం మన దేశానివే. మరో రెండు సీసాలు పంపండి."

"తప్పకుండానండీ. మరి కమిటీకి ఫిర్యాదు?"

"రాయడు లెండి. ముందు వాళ్లమ్మకు రాయాల్సింది చాలా ఉంది. ఆవిడ నిరుడే తన వియ్యపురాలితో, అంటే మా ఇంటావిడతో చెప్పారు, రొయ్య వాసనే పడదని."

హెప్సిబా నవ్వు ఆపుకుంది. "చీటీ అంటించమంటారా?"

"అంటించండి. అక్షరాలు కాస్త పెద్దవి చేయండమ్మా. మా అల్లుడికి చూపు ఆనడం లేదు."