మీసం పెట్టిన ఆఠీను రాజు

పేకల వ్యాపారి జన్మలో పేక ఆడలేదు. ఆడటమంటే కూర్చున్న చోట కాలాన్ని ఖర్చు రాసుకోవడమని ఆయన లెక్క. కట్ట విప్పి బొటనవేలితో ఒక్కసారి గలగలలాడిస్తే చాలు, ముక్క ఎన్నాళ్ళు మన్నుతుందో, చెమట చేతిలో అతుక్కుంటుందో లేదో చెప్పేసేవాడు. ఆ ముక్కల మీద ఉన్న రాజులూ రాణులూ ఏం చేస్తారో మాత్రం ఆయనకు అక్కర్లేదు. బియ్యం అమ్మేవాడు అన్ని వంటలూ నేర్చుకుంటాడా అనేవాడు.

ఇన్నాళ్ళూ పరాయి కంపెనీల సరుకే అమ్మాడు. ఈ ఏడు మొదటిసారి సొంత పెట్టె తయారు చేయించాడు. అందులో రెండు పేక కట్టలు, ఒక లూడో పలక, రెండు పాచికలు. మూత మీద తన పేరు. ఆ పెట్టెను ఊళ్ళన్నిటి దుకాణాలకూ పంచే పెద్దాయన ఒప్పుకుంటే ఆ పేరు నిలబడుతుంది. కాదంటే మళ్ళీ పరాయి పేర్లు మోసుకుంటూ బతకాలి. పెద్దాయన మధ్యాహ్నం మూడింటికి వస్తానని కబురు పెట్టాడు.

మూతకు ఫొటో తీసింది బావమరిది. స్టూడియో నడుపుతాడు. మొదట తీసిన ఫొటోలో బల్ల మీద పదమూడు ముక్కలు విసనకర్రలా పరిచి, పక్కన పాచికలు పెట్టాడు. ముక్కలు పేర్చింది అతని తల్లి, అంటే వ్యాపారికి స్వయానా అత్తగారు. ఆవిడ రోజూ భోజనాలయ్యాక ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో రమ్మీ ఆడుతుంది. చేతిలో ముక్కలు చూసి కాదు, ఎదుటివాళ్ళ మొహాలు చూసి ఆడుతుందని పేరు.

ఆ ఫొటో చూడగానే వ్యాపారి మొహం చిట్లించాడు.

"వీడెవడ్రా, పక్కకి తిరిగి కూర్చున్నాడు? ఒక్క కన్నే కనబడుతోంది."

"ఆఠీను జాకీ బావా, ఎర్ర గుండె గుర్తువాడు. వాడెప్పుడూ అంతే. ఇస్పేటు జాకీ కూడా ఒంటికన్నువాడే. రాజుల్లో డైమండు రాజు."

"పెట్టె కొనడానికి వచ్చినవాడికి ముందుగా ఒంటికన్నువాడు ఎదురవ్వాలా? తీసెయ్. రెండు కళ్ళున్న జాకీని పెట్టు. ఎర్రగా ఉంటే చాలు."

"ఎర్రగా ఉండేది ఇక డైమండు జాకీయే. కానీ బావా, అక్కడ..."

"ఫొటో నీది, పెట్టె నాది."

బావమరిది నోరు మూసుకున్నాడు. అక్కచెల్లెళ్ళ కాపురాలు చల్లగా ఉండాలంటే బావల దగ్గర ఏ మాట మింగాలో అతనికి తెలుసు.

"ఈ రాజుకి మీసం లేదేం?"

"నలుగురు రాజుల్లో ఆఠీను రాజుకొక్కడికే ఉండదు బావా. పైగా కత్తి తల వెనక్కి పోయి, తనే పొడుచుకున్నట్టు కనబడతాడు."

"బోడి మూతివాడు రాజేంటి, అమ్మకానికి అందం ఉండక్కర్లా? ఎర్రగా ఉండే ఇంకో రాజుని వేద్దామంటే వాడేమో ఒంటికన్నువాడంటివి. సరే, వీడికే మీసం పెట్టు. కంప్యూటరు ఉందిగా."

నాలుగు, అయిదు, ఆరు వరసగా ఇస్పేటులే ఉన్నాయని, మధ్య ముక్క తీసి కళావరు అయిదు పెట్టించాడు. నలుపుకి నలుపే, ఆకారం మారితే కంటికి కొత్తగా ఉంటుందన్నాడు. ఆఖరికి పాచికల దగ్గరికి వచ్చాడు. ఒకదాని మీద పైన ఆరు చుక్కలు, ముందువైపు అయిదు, పక్కన నాలుగు.

"లూడోలో కాయ బయటికి రావాలంటే ఆరు పడాలి కదా?"

"అవును బావా."

"మరి కొనేవాడికి ఆరు చూపించాలిగానీ అయిదూ నాలుగూ ఎందుకు? పైనా ఆరే, ముందూ ఆరే పెట్టు. ఆశ చూపించడానికి పిసినారితనం దేనికి?"

బావమరిది పైకి చూశాడు, కిందికి చూశాడు, చెప్పినట్టే చేశాడు. వ్యాపారి ఆ మూతను చూసి మురిసిపోయాడు. నష్టం కనబడే వస్తువు ఒక్కటి కూడా అందులో లేదు.

అంతటితో ఊరుకున్నా పోయేది. రమ్మీ అంటే ఏమిటో తనకూ నాలుగు ముక్కలు తెలిస్తే పెద్దాయన ముందు బాగుంటుందని ఆయనకు బుద్ధి పుట్టింది. బావమరిదిని అడిగితే చులకనవుతాడు. అత్తగారిని అడిగితే ఆవిడ కూర్చోబెట్టి చెబుతుంది, తను నిలబడి వినాలి. అందుకని మూతనే ముందు పెట్టుకుని చదువుకున్నాడు. ఎరుపు పక్కన ఎరుపు, నలుపు పక్కన నలుపు, అంకెలు వరసలో ఉండాలి. మిగిలినచోట ఒకే అంకె మూడు. ఇంతేగా. దీనికోసమా జనం రాత్రులు పాడుచేసుకునేదని నవ్వుకున్నాడు.

పెద్దాయన చెప్పిన వేళకే వచ్చాడు. వెనకే అత్తగారు వచ్చింది, కొడుకు తీసిన ఫొటో మూతెక్కిందట, చూద్దామని. వ్యాపారి మూతను అలమర మీద, దీపం కింద నిలబెట్టాడు. ఆవిడ వచ్చీరాగానే అలమరకు వీపు పెట్టి కుర్చీలో కూలబడింది. మెట్లెక్కిన ఆయాసం. పెద్దాయన గది ఇవతలినుంచే చూసి, "రంగులు బాగున్నాయయ్యా" అన్నాడు. ఆయన కళ్ళద్దాలు ఇంకా జేబులోనే ఉన్నాయి.

"మూతది ఏముంది, ముక్క సంగతి చెప్పు. ఆడకుండా నేను సరుకు తీసుకోను. ఒక్క ఆట వేద్దాం, కూర్చో."

"నేనాండీ?"

"పేకలు అమ్మేవాడివి ఆడవూ? అమ్మా, మీరూ రండి. ముగ్గురైతే రెండు కట్టలు కలుపుదాం."

అత్తగారి ఆయాసం అక్కడికక్కడే తీరిపోయింది. కుర్చీ ముందుకు జరుపుకుంది. పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని ముక్కలు కలిపి తలా పదమూడు పంచాడు. ఒక ముక్క తెరిస్తే కళావరు ఏడు వచ్చింది, కాబట్టి ఈ ఆటకి ఏడులన్నీ జోకర్లే, ఏ ముక్క బదులైనా చెల్లుతాయి. ముక్క జారుతున్న తీరు చూసి ఆయన తలాడించాడు. "జిగట లేదు. వంచితే లేస్తోంది. సరుకు మంచిదే."

వ్యాపారికి ఏనుగెక్కినట్టయింది. ఆయన కూర్చున్నది సరిగ్గా మూతకు ఎదురుగా. పెద్దాయన భుజం మీదుగా ఒకసారి మూత చూడటం, చేతిలో ముక్క సర్దుకోవడం, మళ్ళీ చూడటం. ఒక ఏడు వచ్చింది గానీ, మూత మీద జోకరన్నది లేదు కనక దాన్ని పారేశాడు.

అత్తగారు ఆ ముక్క వంక, అల్లుడి వంక చూసింది. "జోకర్ని పారేశారేం అల్లుడుగారూ?"

"నాకు అక్కర్లేదత్తయ్యా."

"చేతిలో కొండంత ఉన్నట్టుంది" అన్నాడు పెద్దాయన, కొంచెం బెదిరి.

ఇంకో నాలుగు చుట్లు తిరిగేసరికి వ్యాపారి చేతిలో ముక్కలన్నీ మూత మీది పద్ధతిలోనే కుదిరాయి. మిగిలిన ముక్కను, అత్తగారింట్లో ఆట ముగించేవాళ్ళలాగే బల్ల మధ్య బోర్లించి, "షో" అన్నాడు. గొంతులో జంకు లేదు. పదమూడు ముక్కలూ విసనకర్రలా పరిచాడు.

ఆఠీను ఎనిమిది, డైమండు తొమ్మిది, ఆఠీను పది, డైమండు జాకీ. ఇస్పేటు నాలుగు, కళావరు అయిదు, ఇస్పేటు ఆరు. ముగ్గురు రాణులు. మూడు రెళ్ళు.

పెద్దాయనా అత్తగారూ ఒకేసారి ముక్కల మీదికి వంగారు. అది మెచ్చుకోలని వ్యాపారి అనుకున్నాడు.

"సీక్వెన్సు ఏదయ్యా?" అన్నాడు పెద్దాయన.

"ఇదిగోండి, ఎర్రది. ఇది నల్లది."

"ఎరుపా నలుపా అని ఎవడడిగాడు? అన్నీ ఒకే జాతివి కావాలి. ఆఠీనుకి ఆఠీనే, ఇస్పేటుకి ఇస్పేటే. జోకరు కలవని వరస కనీసం ఒకటైనా ఉండాలి, దానికి తోడు ఇంకో వరస. నీ దగ్గర ఒక్కటీ లేదు. రాణుల్లో, రెళ్ళలో మాత్రం జాతులు వేరు వేరుగా ఉన్నాయి, అవి సరే. కానీ వరసల్లేకుండా అవి కూడా ఉత్తవే."

"తప్పు షో. ఎనభై పాయింట్ల దండగ" అంది అత్తగారు. అల్లుడనే మొహమాటం ఆవిడకు పేక దగ్గర ఉండదు.

"నీకెవరు నేర్పారయ్యా ఈ ఆట?" అన్నాడు పెద్దాయన.

వ్యాపారి చెయ్యి దానంతటదే లేచి మూతను చూపించింది. పెద్దాయన వెనక్కి తిరిగాడు. ఈసారి కళ్ళద్దాలు కళ్ళమీదే ఉన్నాయి. లేచి దగ్గరికి వెళ్ళాడు. అత్తగారూ లేచింది.

"ఆఠీను పది, డైమండు జాకీ, ఆఠీను రాణి..." పెద్దాయన వేలితో చదువుతూ పోయి ఆగాడు. "ఆఠీను రాజుకి మీసాలు ఎప్పుడు మొలిచాయి?"

"నేను పేర్చింది ఇది కాదు" అంది అత్తగారు. "ఆఠీను పది, జాకీ, రాణి, రాజు. ఇస్పేటు నాలుగు, అయిదు, ఆరు. కడిగిన ముత్యంలాంటి షో పేర్చి ఇచ్చాను. నా ఆటని ఎవరు చెడగొట్టారు?"

అప్పుడే లోపలికి వచ్చిన బావమరిది తల్లి మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఈ పాచిక చూడండమ్మా" అన్నాడు పెద్దాయన. "పైన ఆరు, ముందు ఆరు. పాచికలో ఎదురెదురు ముఖాలు కలిపితే ఏడు రావాలి. ఆరుకి అడుగున ఒకటి, అయిదుకి అవతల రెండు, నాలుగుకి మూడు. ఒక పాచికకి ఆరు ఒక్కసారే. ఇలాంటిది నాకొకటి ఇప్పించవయ్యా, మా మనవలతో లూడోలో రోజూ ఓడిపోతున్నాను."

వ్యాపారి చెవులు ఎర్రబడ్డాయి. ఆటవాళ్ళకి ఇంట్లో కూర్చుని ఆడుకోమని అమ్మే పెట్టె మీద తప్పు షో, దొంగ పాచిక. దుకాణంలో దీన్ని ఎవరైనా చూస్తే సరుకు సంగతి అడగరు, పేరు చదువుకుని నవ్వుకుంటారు. ఆ పేరు తనది.

"ముక్కలు బాగున్నాయి" అన్నాడు పెద్దాయన కుర్చీలోకి వచ్చి. "మూత ఇదైతే నేను ముట్టను. సరైన షో ఉన్న ఫొటో ఉంటే చెప్పు, ఇవాళే మాట ఇస్తాను."

వ్యాపారి లోపల లెక్క కట్టుకున్నాడు. ఒకవైపు ఒంటికన్ను, బోడి మూతి. రెండోవైపు తన పేరు. ఇంత తేలికైన లెక్క ఆయనకు ఈ మధ్య తగల్లేదు.

"ఒరేయ్, ఆ మొదటిది..."

బావమరిది అప్పటికే సంచీలోంచి మొదటి ఫొటో తీసి బల్ల మీద పెట్టేశాడు. ఆఠీను జాకీ పక్కకి తిరిగి ఒక్క కంటితో చూస్తున్నాడు. పాచిక మీద ఆరు, అయిదు, నాలుగు. పెద్దాయన ముక్క ముక్కా చూసి, ఇదీ షో అన్నాడు. అత్తగారు చీర కొంగు సర్దుకుంది.

"నేను ముందునుంచీ ఇదే వేద్దామంటున్నాను" అన్నాడు వ్యాపారి. "కుర్రాడు ఏదో కొత్తగా చేద్దామని ముచ్చటపడితే కాదనలేకపోయాను."

బావమరిది ఇంకో మాట మింగాడు.

"ఒంటికన్నువాడు ఫరవాలేదా మరి?" అని అడిగింది అత్తగారు.

"మంచిదే అత్తయ్యా. ఒక కన్ను సరుకు మీద, రెండో కన్ను కొనేవాడి మీద. వాడు వ్యాపారం తెలిసినవాడు."

పెద్దాయన మాట ఇచ్చి లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, అలమర మీది మూతను చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది నీకెలాగూ పనికిరాదు. నేను పట్టుకెళ్తాను. మా పేక గదిలో గోడకి తగిలిస్తే, తప్పు షో చూపించినవాడిని దీని కిందే కూర్చోబెట్టొచ్చు."

వ్యాపారి గుమ్మానికి అడ్డంగా వచ్చి, మర్యాదగా ఆయన చేతిలోంచి మూత తీసుకున్నాడు. మీసం మీద పడ్డ దుమ్మును వేలితో తుడిచాడు.

"అది పెట్టెతో రాదండీ" అన్నాడు. "విడిగా అమ్ముతాను."