నిద్ర లెక్కలోకి రాదు

ఆస్పత్రి ల్యాబుల్లో రక్తపరీక్షల ఫలితాలు చూపించే సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఆఫీసు అది. ఒకరు రాసిన మార్పును ఇంకొకరు చదివి సరేననేదాకా అది ఆస్పత్రి గడప తొక్కదు. అలా చదివే రివ్యూవర్లు నాలుగు దేశాల్లో ఉన్నారు. మీ వంతు వచ్చింది, చూడండి అని వాళ్లకు గుర్తుచేసే ప్రోగ్రాం బాబాయ్ చూసుకుంటాడు.

ఆయన అక్కడ ఎవరికీ సొంత బాబాయ్ కాదు. అందరికంటే వయసులో పెద్దవాడు కాబట్టి ఆ పిలుపు స్థిరపడిపోయింది.

కిందటేడు వరకూ ఆ రిమైండర్లకు వేళాపాళా ఉండేది కాదు. ఇక్కడి మధ్యాహ్నం ఇంకెక్కడో అర్ధరాత్రి ఫోనై మోగేది. బాబాయ్ ఒక్కొక్కరినీ వాళ్ల ఊరు అడిగి రాసుకున్నాడు. గంటల తేడా రాసుకుంటే చాలదు, కొన్నిచోట్ల ఏడాదికి రెండుసార్లు గడియారాలు జరుపుతారు. ఊరు పేరుంటే ఆ సంగతి కంప్యూటరే చూసుకుంటుంది. ఎవరి ఊళ్లోనైనా రాత్రి తొమ్మిది దాటితే రిమైండర్‌ను ఆపి ఉంచి, పొద్దున్న ఎనిమిదికి వదిలేలా మార్చాడు. "మా ఆవిడ మీకు నమస్కారాలు చెప్పమంది" అని రివ్యూవర్లలో ఒకాయన రాశాడు. ఆ ఒక్క మాటకి బాబాయ్ రెండు రోజులు హుషారుగా తిరిగాడు.

ఆ గురువారం పొద్దున్న టీమ్ లీడ్ ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని ఆయన బల్ల దగ్గరికి వచ్చింది. ఆమెను అందరూ కెప్టెన్ అంటారు.

"బాబాయ్, నిన్నటమ్మాయి ట్రయల్ రేపటితో అయిపోతోంది. ఉంచాలో వద్దో మధ్యాహ్నంలోగా పైకి చెప్పాలి. నాకైతే వద్దనే ఉంది."

నిన్నటమ్మాయి కొత్త రివ్యూవర్. మనకంటే పదకొండున్నర గంటలు వెనక ఉన్న ఊళ్లో ఉంటుంది. ఇక్కడ పొద్దున్న పది కొడితే అక్కడింకా ముందురోజు రాత్రి పదిన్నర. అందుకని ఆ పేరు.

"ఏం చేసింది పాపం?"

"ఏం చెయ్యలేదనేగా గొడవ. పోయిన నెలలో పదకొండు రివ్యూలు గడువు దాటి వేరేవాళ్లకి వెళ్లాయి. ఇలాగైతే కష్టమమ్మా అని పోయిన వారం గట్టిగా అన్నాను. ఈ వారం చూడు, ఒక్కటీ జారలేదు. అంటే చేతకాక కాదు బాబాయ్, ఒళ్లు వంచక."

బాబాయ్ కళ్లజోడు సర్దుకుని ఆమె స్క్రీన్ వైపు వంగాడు. ఈ వారం జవాబులన్నీ వరసగా ఉన్నాయి.

"మధ్యాహ్నం రెండు నలభై. మూడుంపావు. రెండూ యాభై..."

"అన్నీ ఆఫీసు టైములోనే. బుద్ధిగా చేస్తోంది."

"మన ఆఫీసు టైమమ్మా. ఈ పట్టిక ఎవరు తెరిస్తే వాళ్ల గడియారం చూపిస్తుంది."

ఆయన మూలనున్న ఊరి పేరు నొక్కి నిన్నటమ్మాయి ఊరికి మార్చాడు. టైములన్నీ ఒక్కసారి దొర్లిపోయాయి. రాత్రి మూడూ పది. మూడూ నలభై అయిదు. మూడూ ఇరవై.

కెప్టెన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "మరి రాత్రిళ్లు రిమైండర్లు పంపడం మానేశాంగా?"

"మానేశాం. ఇదిగో, రాత్రిపూట ఒక్కటీ వెళ్లలేదు. తనని ఎవరూ లేపలేదు. తనే లేచింది."

"ఎందుకూ?"

 బాబాయ్ ప్రోగ్రాంలో గడువు లెక్కపెట్టే చోటికి వెళ్లి చూశాడు. మార్పు వచ్చిన నాలుగు గంటలకు ఒక రిమైండర్, ఎనిమిది గంటలకు ఇంకొకటి, పన్నెండు గంటలయ్యేసరికి జవాబు లేకపోతే రివ్యూ వేరేవాళ్లకి, పేరు పక్కన ఒక ఆలస్యం గుర్తు. ఆ నియమం అందరూ ఒకే హాల్లో కూర్చున్న రోజులనాటిది. ఆయన రాత్రిపూట ఆపిందల్లా రిమైండర్‌నే. లెక్క మాత్రం రాత్రంతా నడుస్తూనే ఉంది.

"మనవాళ్లు మార్పులు పెట్టేది పదింటికి" అన్నాడు. "అప్పటికి తను పడుకునే వేళ. రెండు రిమైండర్లూ కలిసి ఎనిమిదింటికి చేతిలో పడతాయి. పదిన్నరకి గడువు."

"రెండున్నర గంటలుందిగా?"

"ఉందనుకో. ఏం అడ్డొస్తోందో తననే అడగాలి."

కెప్టెన్ ఫోన్ తీసింది. బాబాయ్ ఆమె చెయ్యి ఆపాడు. "అక్కడ తొమ్మిది దాటిందమ్మా. ప్రోగ్రాం కూడా ఫోన్ చెయ్యని వేళ."

"మధ్యాహ్నం లోపు చెప్పాలి బాబాయ్! అదిగో, ఆన్‌లైన్‌లోనే ఉంది, పచ్చచుక్క చూడు."

నిన్నటమ్మాయి ఒక్క రింగుకే ఎత్తింది. పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి మాట్లాడింది. "ఏదైనా జారిపోయిందాండీ?"

"లేదులే. రాత్రిళ్లు మూడింటికి లేస్తున్నావా?" అడిగింది కెప్టెన్.

"అలారం పెట్టుకుంటున్నానండీ. పర్లేదు, అలవాటైపోతుంది."

"పొద్దున్న ఎనిమిదికి చూడొచ్చుగా?"

"పాపను స్కూల్లో దింపి వచ్చేసరికి తొమ్మిదిన్నర అవుతుందండీ. రక్తపరీక్షల విషయం కదా, గంటలో పైపైన చదివి సరే అనలేను. చదువుతూ ఉండగానే వేరేవాళ్లకి వెళ్లిపోయేది."

"ఈ మాట నాకు చెప్పొచ్చుగా తల్లీ!"

"ట్రయల్లో ఉన్నదాన్ని. నాకు నిద్ర కావాలి అని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

కెప్టెన్ బాబాయ్ వంక చూసింది. ఆయన స్క్రీన్ వంకే చూస్తూ ఉన్నాడు. "అలారం తీసేసి పడుకోమ్మా" అన్నాడు ఫోన్‌కి దగ్గరగా వంగి. "గడువు సంగతి మేం చూస్తాం."

మార్చాల్సింది పెద్దదేమీ కాదు. గడువు గంటల్ని మార్పు వచ్చిన క్షణం నుంచి కాకుండా, రివ్యూవర్ ఊళ్లో పని గంటలు నడుస్తున్నప్పుడే లెక్కపెట్టేలా రాశాడు. రాత్రి, సెలవురోజు లెక్కలోకి రావు. బాబాయ్ రాసిన మార్పునైనా ఇంకొకరు చదవాలి కాబట్టి కెప్టెన్ అక్కడే కూర్చుని చదివింది.

"ల్యాబులో ఏదో తప్పు దొర్లి అర్జెంటుగా సరిచెయ్యాల్సి వస్తే? అప్పుడూ తను లేచేదాకా ఆగుతామా?"

"ఆగకూడదు. అర్జెంటైతే ఆ వేళకి ఎవరికి పగలైతే వాళ్లకే వెళ్లాలి. అది రాయలేదు, రాస్తానుండు."

అదీ రాశాక, కొత్త లెక్కను పోయిన నెల రివ్యూల మీద నడిపి చూశారు. పదకొండు కాస్తా రెండయ్యాయి.

"ఆ రెండూ?"

"అవి తన తప్పులే. ఆలస్యం చేసింది, నిజం" అన్నాడు బాబాయ్.

కెప్టెన్ జాబితాలో పైకి కిందకి చూసి నవ్వేసింది. "నావి మూడున్నాయి బాబాయ్. నన్నెవరూ తియ్యమనరేం?" భోజనానికి లేచే ముందు ఆమె పైకి పంపిన మెయిల్లో రెండే వాక్యాలున్నాయి. అమ్మాయిని ఉంచండి. ఇంతవరకూ చూపించిన అంకెలు తప్పు.

మర్నాడు పదింటికి, తొందర అని అందరూ పిలిచే కుర్రాడు తన మార్పు పెట్టాడు. మూడు కాకముందే బాబాయ్ బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"నిన్నటమ్మాయికి ఏమైంది బాబాయ్? మొన్నటిదాకా ఈపాటికి చదివేసేది. ఉద్యోగం ఖాయమవగానే కాళ్లు చాపేసిందా?"

"చాపుకునే పడుకుంది. అక్కడ ఇప్పుడు అర్ధరాత్రి దాటింది."

"మరి నా మార్పు?"

"అర్జెంటా?"

"అర్జెంటని కాదు..."

"అయితే నువ్వూ ఇంటికెళ్లి భోంచేసి పడుకో. పొద్దున్నకి ఉంటుంది."

కుర్రాడు గొణుక్కుంటూ వెళ్లాడు. సాయంత్రం హాల్లో దీపాలు ఒక్కొక్కటే ఆరుతుంటే బాబాయ్ ఇంకోసారి స్క్రీన్ చూశాడు. నిన్నటమ్మాయి పేరు పక్కన "ఇంకా చూడలేదు" అని ఉంది. ఆలస్యం గుర్తేమీ లేదు. ఆయన ఆ మాటను మరోసారి చదువుకుని, కంప్యూటర్ ఆపేసి, చెప్పుల్లో కాళ్లు దూర్చుకున్నాడు.