మగ్దలీనమ్మ నంబరు

మా నాయన ఫోన్లో మగ్దలీనమ్మ అనే పేరు ఉంది. ఆమె మా చర్చిలో ముందు వరసలో కూర్చునే ముసలామె కాదు. సముద్రం అడుగున ఉండే ఒక రాళ్లగుట్ట. దాని మీద వల పడితే చిరిగిపోతుంది, పక్కన గాలం వేస్తే వంజరం చేప పడుతుంది.

ఒడ్డు కనపడనంత దూరం పోయాక గుర్తులేమీ ఉండవు, అంకెలే దిక్కు. పడవలో దారి చూపే జీపీఎస్ మిషన్లో దాస్తే అందరి కంట్లో పడతాయని మా నాయన టైటస్ ఒక్కో చోటి అక్షాంశం, రేఖాంశం కలిపి ఫోన్ నంబరులాగా తెలిసినవాళ్ల పేర్లతో దాచుకున్నాడు. ముందొచ్చే పద్నాలుగు, ఎనభై మా వేటచోట్లన్నింటికీ ఒకటే గనక వాటిని వదిలేస్తే సరిగ్గా పది అంకెలు. అట్లాంటివి ముప్పై ఒకటి. ఇంకెక్కడా లేవు. ఇంతమంది ఆడవాళ్ల నంబర్లు ఎందుకని మా అమ్మ డెబోరా దెప్పినప్పుడు కూడా ఆయన నవ్వి ఊరుకున్నాడు.

వేట నిషేధం రేపటితో అయిపోతుంది. ఎల్లుండి పడవ దింపాలి. నాలుగు రోజులుగా ఫోన్ చెప్పాపెట్టకుండా ఆరిపోయి, మళ్లీ తనే వెలుగుతోంది. నేనూ నాయనా కావలికి పోతే, మొదటి షాపులో చూడగానే రీసెట్ కొట్టాలన్నారు, లోపల ఉన్నవన్నీ పోతాయన్నారు. నాయన వాళ్ల చేతిలోంచి ఫోన్ లాక్కున్నంత పని చేసినాడు.

రెండో షాపు షాహనా అక్కది. ఆమె ముందు ఫోన్ మీద చుట్టిన రెండు ప్లాస్టిక్ కవర్లు ఊడదీసింది. నీళ్లు తగలకుండా చుట్టి, ఎండలో పెట్టుకుంటే వేడి ఎటు పోతుందని అడిగింది. ఫ్యాను కింద చల్లబడేదాకా పెట్టింది. చల్లబడ్డాక కూడా ఫోన్ ఆరిపోయి వెలిగింది. వెనక మూత ఉబ్బిందేమోనని బల్ల మీద పెట్టి చూసింది, ఉబ్బలేదు. చార్జింగు శాతం ఉన్నట్టుండి పడిపోవడం లేదు. చార్జరు తగిలించినా అదే తంతు. బ్యాటరీ మీద అనుమానం తగ్గిందని, ఇంకా లోపలికి పోయేముందు కావలసినవి రాసుకోమని చెప్పింది. గూగుల్లో దాస్తే సులువంది గానీ నాయన ఒప్పుకోలేదు.

నా సంచిలో లెక్కల నోట్‌బుక్కు ఉంది. నాయన ఫోన్ పట్టుకుంటే నేను చూసి రాశాను. పైకి చదవొద్దని సైగ చేసినాడు. పరంజ్యోతి నంబరు ఏడో అంకె దగ్గర తెర నల్లబడింది. ఇరవై రాసేలోపు ఇంకో మూడుసార్లు ఆరింది. నా చేతికి చెమట పట్టి అంకెలు అలుక్కుపోతుంటే మళ్లీ దిద్దాను. ఫోన్ వెలగదేమోనని ప్రతిసారీ నాయన కాలు ఊపేవాడు.

"ఏందన్నా, ఈ నంబర్లు ఐదుతో మొదలవుతున్నాయి? ఏ కంపెనీవి?" అంది షాహనా అక్క.

"పాతవిలేమ్మా," అన్నాడు నాయన.

ముప్పై ఒకటీ అయ్యాక అక్క ఫోన్ని సేఫ్ మోడులో పెట్టింది. మనం వేసుకున్న యాప్‌లు అందులో నడవవట. యాప్ తప్పయితే ఇప్పుడు ఆరకూడదు. ఆరింది. స్టోరేజీ చూస్తే ఫోన్లో చోటు చాలానే ఉంది గానీ మెమరీ కార్డు దగ్గర ఎర్రగా ఏదో తప్పు చూపిస్తోంది. ఆఫ్ చేసి కార్డు బయటికి తీసింది. దాని ఇత్తడిరంగు గీతల మీద పచ్చగా చిలుము పట్టి ఉంది.

"ఉప్పుగాలి తినేసింది. దీన్ని చదవబోయి ఫోన్ తడబడి ఆరిపోతా ఉంది," అంది.

కార్డు లేకుండా ఫోన్ వెలిగించింది. పావుగంట, అరగంట, ముప్పావుగంట. ఆరలేదు. రీసెట్ అక్కర్లేదు, కార్డులోవి పాటలే, పోతే పోయాయి. రాసిందంతా వృథా అయిందని నేను పేజీ చింపబోయాను.

నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. బస్టాండుకు వచ్చాం. అక్కడ బెంచీ మీద కూర్చున్నాక నోట్‌బుక్కు తెరిచి, మగ్దలీనమ్మ అంకెల మీద వేలు పెట్టినాడు.

"ఇవి ఉన్నవి ఉన్నట్టు మిషన్లో కొట్టి పోతే అక్కడ బురద తప్ప ఏమీ ఉండదు. ఎవురన్నా చూస్తారని మార్చి పెట్టినా."

నేను అంతసేపు రాసింది తప్పు అంకెలా?

"ఫోన్ పోతే కాగితం ఉండాది. నేను పోతే?" అన్నాడు.

ఆయన అటూఇటూ చూసి, నా చెవి దగ్గరికి వంగి, ఏ అంకెను ఎట్లా మార్చాలో రెండు ముక్కల్లో చెప్పినాడు. మళ్లీ నా చేత చెప్పించుకున్నాడు.

నాకు రోజూ డైరీ రాసే అలవాటు. ఆ రెండు ముక్కలు మాత్రం అందులో రాయలేదు. ఇక్కడా రాయను.

బస్సు గుంతలో పడినప్పుడల్లా నాయన జేబులోంచి ఫోన్ తీసేవాడు, నేనూ వంగి చూసేదాన్ని. ఊరొచ్చేదాకా వెలుగుతూనే ఉంది.