క్వీన్ల మార్పిడి

మొదటి షిఫ్టు దిగి క్వార్టర్‌కు వచ్చిన కిషన్, ఆదివారం టోర్నమెంటులో ఓడిన చెస్ ఆటను బోర్డు మీద మళ్లీ ఆడి చూస్తున్నాడు. కళ్లు మూతలు పడుతున్నాయి.

"ఫోన్ల చెస్ ఇంజన్ పెడితే తప్పు యాడుందో జల్ది చెప్తది గదా," అంది భార్య సంతోషి.

"ముందుగాల నేను ఆలోచించాలె. లేకుంటే నా తప్పు నాకెట్ల తెలుస్తది?"

పాత ఓటములు కూడా తిరగేశాడు. ప్రతిదాంట్లోనూ పోరు ముదిరేసరికి తన క్వీన్‌ను ఇచ్చి ఎదుటివాడి క్వీన్‌ను తీసేసి, క్వీన్లను మార్చుకున్నాడు. తర్వాత బలహీనమైన బంట్లను కాపాడుకోలేకపోయాడు.

అప్పుడు ఇంజన్ తెరిచాడు. క్వీన్లు ఉన్నంతసేపూ ఆట సమానమేనని, మార్పిడితోనే చెడిందని అదీ చూపించింది.

"భయపడ్డవా?"

"లేదు. అలసిపోయిన. ఆట ఎట్లనన్న అయిపోతే చాలనుకున్న."

తర్వాతి టోర్నమెంటులో అదే అలసట ముంచుకొచ్చింది. కిషన్ చేతులు ఒళ్లో పెట్టుకుని ఆలోచించాడు. మార్చుకునే వీలున్నా క్వీన్‌ను ఉంచుకున్నాడు. ఆట డ్రా అయింది.