4,317వ పుట

మా బావగారు, అంటే మా ఆయన అన్నయ్య, పేరున్న విమర్శకులు. నేను ఒక ప్రచురణ సంస్థలో కాపీ ఎడిటర్ని. ఆయన కొత్త పుస్తకం నా బల్ల మీదికే రావడం నా ఖర్మ.

మొదట ఒక పాత వ్యాసాల సంపుటి నుంచి ఎత్తి రాసిన వాక్యం. కింద ఫుట్‌నోట్‌లో తొలి ముద్రణ సంవత్సరం, పుట 212. లైబ్రరీలో తొలి ముద్రణ తీసి చూస్తే అది 190 పుటలకే అయిపోయింది. ఆయన చదివింది కొత్తగా అక్షరాలు కూర్చి, ముందుమాట చేర్చి వేసిన పునర్ముద్రణ. సంవత్సరం మాత్రం ఇంకెవరి పుస్తకంలోంచో ఎత్తి రాశారు. పాత ఏడాది పాండిత్యానికి శోభ కాబోలు. రెండు సంవత్సరాలూ వేసి, పుట పునర్ముద్రణదని రాశాను.

మూడో అధ్యాయంలో ఒక విదేశీ నవల. మూల రచయిత పేరు, "పుట 4,317". అంత నవలని మోయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఫోన్ చేశాను.

"బావగారూ, ఇది ఈ-బుక్కా?"

"అవును. తెర కింద ఆ అంకె ఉంది. చూసే రాశాను."

"అది పేజీ కాదండీ, ఆ యాప్ తన గుర్తుకి వేసుకునే లొకేషన్ నంబరు. ఇంకో యాప్‌లో చదివేవాళ్లకి అది ఉండదు. అధ్యాయం, పేరా రాయండి. ఈ-బుక్ అనీ, ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో కూడా."

"నా పాఠకులు పేరాలు లెక్కపెట్టుకోరమ్మాయ్."

లెక్కపెట్టేవాళ్ల కోసమే ఫుట్‌నోట్లని ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆ నవలలో 'వాకిలి' అన్న ఒక్క మాట మీద ఆయన పదకొండు పుటలు రాశారు. 'ఇల్లు' అనకుండా 'వాకిలి' అనడంలోనే ఆ రచయిత ప్రతిభ ఉందట. ఆ రచయిత భాష బావగారికి ఒక్క అక్షరం రాదు. చదివింది తెలుగు అనువాదం. తన పుస్తకం ముందుమాటలోనేమో, అనువాదాలు చదవడం ఎంగిలి తినడమేనన్నారు.

ఈ-బుక్ తెరిచాను. రెండో తెర మీద అనువాదకురాలి పేరు చూసి తలెత్తాను. ఆవిడ నా పక్క బల్ల దగ్గరే ప్రూఫులు దిద్దుతోంది. రిటైరైన టీచరు, అందరం టీచరుగారనే అంటాం. బావగారి అధ్యాయం చేతికిచ్చాను. మెల్లగా, చివరిదాకా చదివింది.

"మూలంలో 'ఇల్లు' అనే ఉందమ్మా. తెలుగులో చప్పగా ఉందని నేనే వాకిలి చేశాను," అంది.

సోమవారం బావగారు ఆఫీసుకొచ్చారు. విషయం చెప్పాను.

"ఆ వాక్యాలు ఆవిడవి. అనువాదకురాలి పేరు వేయాలి. వాకిలి ఘనత కూడా ఆవిడకే ఇవ్వాలి."

"వేస్తే నేను మూలం చదవలేదని తెలిసిపోదూ?"

"చదవలేదు కదండీ."

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. ఒక మాట ఒప్పుకుంటే నిలబడే అధ్యాయాన్ని మొత్తంగా తీసేయమన్నారు. పక్క బల్ల వైపు చూడకుండానే వెళ్లిపోయారు.

మర్నాడు టీచరుగారు ప్రూఫులు తిరగేస్తూ మూడో అధ్యాయం ఏదని అడిగింది.

"తీయించేశారండీ."

"అయ్యో. నేను పెట్టిన మాట మీద ఎవరైనా అంత రాయడం అదే మొదటిసారి," అంది. ప్రూఫులు పక్కన పెట్టి అడిగింది, "నీ దగ్గర కాపీ ఉంటే ఇస్తావా?"