పాదం చివర ఒక గురువు

బడివాళ్లు కోడలి ఫోనుకు పంపిన వర్క్‌షీట్ ఫోటోలో ఆఖరి ప్రశ్న అది. ఒకే ఒక పద్యపాదం. ఛందస్సు, అలంకారం గుర్తించి మధ్యాహ్నంలోగా పంపాలి. జవాబులు నచ్చితే రేపు ఆమెను నమూనా పాఠం చెప్పనిస్తారు. నచ్చకపోతే తెలుగు టీచరు ఉద్యోగం ఇక మళ్లీ ఏడాది మాటే.

మామగారు కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయాక పద్యం పాడమని అడిగేవాళ్లు లేరు. కోడలు ఫోను చేతికిచ్చి పక్కన కూర్చుంటే అదే పదివేలనుకుని గొంతు సవరించుకున్నాడు.

తొలకరి వానలో తడిసి తూగెడు పచ్చని పైరు పాప

పాడుతుంటే కిటికీలోని ఎండ కాస్త తడిసినట్టనిపించింది. పైరు పక్కన పాప లేదు. పైరే పాప. ఆకుపచ్చ గౌనులో ఊగుతూ గదంతా తిరుగుతోంది.

“రూపకమమ్మా,” అన్నాడు కళ్లు తెరవకుండానే. “పైరుకీ పాపకీ మధ్య గాలి కూడా దూరలేదు చూడు.”

కోడలు అలాగే రాసుకుని గురులఘువులు వేయసాగింది. న, జ, భ, జ, జ, జ వరకూ కలం ఆగలేదు. ఆ తర్వాత ఆగింది. యతి చూశావా అని మామగారు అడిగితే, పదకొండో అక్షరం ‘తూ’ మొదటి ‘తొ’తో చక్కగా కుదిరిందనీ, చంపకమాలేననీ చెప్పింది.

“కానీ చివర రగణం రావాలి కదా మామయ్యా. ‘పాప’ దగ్గర గురువు, లఘువు అయి ఊరుకుంది. ఇంకో గురువు కావాలి.”

అచ్చుతప్పేమోలే అన్నాడాయన. గదిలో తిరుగుతున్న పాపను అప్పుడే పంపించబుద్ధి కాలేదు.

ఆమె ఫోటోను పెద్దది చేసింది. ఎడమవైపు కాగితం అంచు కనబడుతోంది. కుడివైపు కనబడటం లేదు.

“ఫోటోలో ఆ పక్క కోసేశారు. పోయింది ‘లా’ అయితే ఉపమ. ‘యో’ అయితే పైరో పాపో అన్న సందేహం, దారే వేరు. రూపకమని మాత్రం రాయలేను.” చంటిపిల్ల చేతిలోంచి బొమ్మ తీసుకుంటున్నంత మెల్లగా అంది. “అడిగితే ఏమీ రాదనుకుంటారేమో.”

“అనుకోనీ. పాదం తూగకముందే అలంకారం చెప్పేసిన పంతులు నీ పక్కనే ఉన్నాడు. ఆయనకంటే నయమే.”

ఆమె నవ్వి, చంపకమాల అని రాసి, పాదం చివర ఒక గురువు లోపించిందనీ, అది చూడందే అలంకారం చెప్పలేననీ పంపింది. కాసేపటికి కాగితం మొత్తం కనబడే ఫోటో వచ్చింది. ‘పాపలా’ అని ఉంది. దాని కింద బడివాళ్ల మాట: అలంకారం రాసి పంపండి, రేపు పాఠానికి రండి, పాదం తెగిందని పట్టుకున్నది మీరొక్కరే.

ఉపమాలంకారం అని ఆమె రాస్తుంటే మామగారు మళ్లీ కళ్లు మూసుకున్నాడు. పైరు పైరుగా నిలిచింది. పాప దానికి కాస్త ఎడంగా జరిగింది. మధ్య ఒక్క అక్షరమంత సందు. అందులోంచి చల్లగా గాలి వచ్చింది.

“ఇదే బాగుందమ్మా,” అన్నాడు. “ఇద్దరూ కనబడుతున్నారు.”

“అయితే లేచి ఆ బల్ల దగ్గర కూర్చోండి మామయ్యా. రేపటి పాఠం ముందు మీకే చెప్పి చూస్తాను. మధ్యలో పాట అందుకోకూడదు మరి.”

ఆయన బుద్ధిగా వెళ్లి చేతులు కట్టుకుని కూర్చున్నాడు.