బ్యాంకులో పడని లక్షా ఎనభై వేలు

పాస్ బుక్ ఫోటో కెజియా ఫోనుకు రెండోసారి వచ్చేసరికి ఏప్రిల్ నాలుగో తేదీ మధ్యాహ్నం మూడైంది. మొదట పంపిన ఫోటోలో పెంచలకృష్ణ బొటనవేలు సరిగ్గా నిల్వ రాసే గడి మీదనే ఉంది. "అన్నా, వేలు తీసి ఇంకోసారి పంపండి, నిల్వ కనబడటం లేదు" అని ఆమె అడిగింది. రెండు రోజులు ఊరుకుని ఇప్పుడు పంపాడు. ఈసారి వేలు లేదు. పేజీ మొత్తం, ఆ రోజు ఉదయం దాకా అచ్చు వేయించింది, స్పష్టంగా ఉంది.

కావలికి తూర్పున, సముద్రానికి అరకోసు దూరంలో ఉన్న ఆ ఊళ్లో ఆడవాళ్ల పొదుపు సంఘానికి లెక్కలు రాసేది కెజియానే. నెలకు ఎనిమిది వేల జీతం. సంఘం అధ్యక్షురాలు వెంకటశేషమ్మ. చెక్కుల మీద సంతకం ఆమెది, పెత్తనం ఆమె భర్త పెంచలకృష్ణది. పాస్ బుక్కూ, చెక్కుల పుస్తకమూ ఆయన ఇంట్లోనే ఉంటాయి. బ్యాంకు కావలిలో ఉంది కాబట్టి వెళ్లొచ్చేదీ ఆయనే. కెజియా దగ్గర ఉండేది నగదు పుస్తకం ఒక్కటే.

ఆరో తేదీ ఉదయం ఆడిటర్ కామాక్షయ్య గారు వస్తారు. ఆయన అన్నిటికన్నా ముందు అడిగేది బ్యాంకు సమన్వయ పట్టిక. మార్చి ముప్పై ఒకటిన మన పుస్తకం ఎంత చెబుతోంది, బ్యాంకు పుస్తకం ఎంత చెబుతోంది, రెండింటికీ తేడా ఎందుకొచ్చింది, అన్నదే ఆ పట్టిక. తేడా ఉండటం తప్పు కాదు, చెప్పలేకపోవడమే తప్పు అని పోయినేడు ఆయనే నేర్పాడు.

కెజియా ఫోనును స్టీలు గ్లాసుకు ఆనించి నిలబెట్టి, ఫోటోను పెద్దది చేసుకుంటూ ఒక్కో వరుసకు పెన్సిలుతో టిక్కు పెట్టసాగింది. మార్చి ఇరవై అయిదున రెండు పుస్తకాల్లోనూ నిల్వ ఇరవై ఎనిమిది వేల ఎనిమిది వందల యాభై. అంతదాకా పైసా తేడా లేదు.

తన పుస్తకంలో నెలాఖరు నిల్వ లక్షా అరవై ఒక్క వేల మూడు వందల యాభై. ముందుగా, రాసిచ్చినా ఇంకా బ్యాంకుకు చేరని చెక్కులు కలపాలి. ఇరవై ఆరున అప్పులిచ్చిన మూడు చెక్కులూ చేరలేదు: రెబెక్కమ్మకు నలభై వేలు, పుష్పకుమారికి ముప్పై అయిదు వేలు, బిందుకు ముప్పై వేలు. ముప్పయ్యిన రసీదు పుస్తకాలు అచ్చేసిన షాపుకిచ్చిన నాలుగు వేల అయిదు వందలు కూడా చేరలేదు. మొత్తం లక్షా తొమ్మిది వేల అయిదు వందలు. బ్యాంకు వేసిన వడ్డీ పదమూడు వందల పది తన పుస్తకంలో లేదు, అదీ కలిపింది.

తర్వాత తీసేయాల్సినవి. సంఘం అమ్మిన ఎండుచేపలకు వ్యాపారి ఇచ్చిన అరవై రెండు వేల చెక్కును ముప్పై ఒకటి సాయంత్రం బ్యాంకులో వేశారు. ఒకటో తేదీ బ్యాంకు సెలవు. రెండో తేదీన అది జమ అయినట్టు ఫోటోలోనే ఉంది. నెలాఖరుకు దారిలో ఉన్న డబ్బు అంటే అదీ. బ్యాంకు కోసుకున్న చార్జీలు అయిదు వందల తొంభై కూడా తీసేసింది.

రెండు లక్షల తొమ్మిది వేల అయిదు వందల డెబ్బై తేలింది. బ్యాంకులో ఉండాల్సింది అంత.

ఫోటోలో మార్చి ముప్పై ఒకటి వరుస పక్కన ఉన్నది ఇరవై తొమ్మిది వేల అయిదు వందల డెబ్బై.

కెజియా మళ్లీ కూడింది. కాగితం తిరగేసి ఇంకోసారి కూడింది. తేడా ప్రతిసారీ లక్షా ఎనభై వేల దగ్గరే ఆగిపోతోంది. ఆ అంకె ఎక్కడిదో ఆమెకు కూడకముందే తెలుసు. మార్చి ఇరవై ఆరున సంఘం ఆడవాళ్లు కట్టిన వాయిదాలు తన చేత్తో లెక్కపెట్టి, గుడ్డసంచిలో వేసి పెంచలకృష్ణ చేతికిచ్చింది. "రేపు స్లిప్పు తెచ్చిస్తాలేమ్మా, నువ్వు రాసేసెయ్" అన్నాడాయన. ఆమె 'బ్యాంకులో జమ' అని రాసేసింది. స్లిప్పు రాలేదు. ఇచ్చినప్పుడు పక్కన ఎవరూ లేరు.

పుస్తకం మూసి చంకలో పెట్టుకుని ఆయన ఇంటికి వెళ్లింది.

పెంచలకృష్ణ వరండాలో కూర్చుని ఎవరికో ఫోనులో రొయ్యల మేత బాకీ గురించి నచ్చజెబుతున్నాడు. ఫిబ్రవరిలో ఆయన రొయ్యల చెరువులకు తెల్లమచ్చ తెగులు సోకింది. నలభై రోజుల పంట మూడు రోజుల్లో పోయింది. అది ఊరందరికీ తెలుసు. ఫోను పెట్టేసి ఆమె వైపు చూశాడు.

"అన్నా, ఇరవై ఆరో తేదీ డబ్బులు బ్యాంకులో పడలేదు."

ఆయన దబాయించలేదు. దబాయించి ఉంటే ఆమెకు కొంత సులువయ్యేది. "కూర్చో కెజియా" అన్నాడు మెత్తగా. "పడతాయిలే. జూన్‌లో పంట తీస్తానే పడేస్తాను. ఈలోగా నువ్వు పట్టికలో రాసేదుంది గదా, దారిలో ఉండే జమలని. ఎండుచేపల చెక్కు కింద ఇదిగూడా రాసెయ్."

"అది చెక్కన్నా, రెండ్రోజులు పట్టింది. ఇది నోట్లు. నోట్లు కడితే ఆ పూటే పడతాయి. ఇప్పటికి తొమ్మిది రోజులైంది. పాస్ బుక్కు ఈ పొద్దుటి దాకా అచ్చేసుంది. ఆడిటరు గారు చూడరా?"

"ఆయనకి ముప్పై ఒకటి దాకా ఉండే ఫోటో చూపించు. కింద కత్తిరించెయ్."

కెజియా చంకలోని పుస్తకాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"చూడమ్మా," అన్నాడు పెంచలకృష్ణ, గొంతు మారకుండానే. "పుస్తకంలో రాత నీది. నేను తీసుకున్నట్టు ఎక్కడా సంతకం లేదు. నువ్విచ్చినావని ఎవురు చూసినారు? ఆడోళ్లు రేపు నన్నడగరు, నిన్నడుగుతారు. మీ ఆయన నా బండి మీదనే గదా ఉండాడు. నీకు చెడు చేయాలని నాకు లేదు. మూడు నెలలు కళ్లు మూసుకో, అంతే."

ఇంటికి వచ్చి భర్త రవి కుమార్‌కు చెప్పింది. పెంచలకృష్ణ ఐసు బండి తోలుతాడతను. అన్నం కంచం పక్కకు జరిపాడు. "రాయకపోతే దొంగవి నువ్వంటారు. రాస్తే నిజంగానే దొంగవవుతావు," అన్నాడు. "నాకేం తోచడంలా కెజియా." ఆమెకూ తోచలేదు. ఇంట్లో ఎటు తిరిగినా ఆ పుస్తకమే కనబడుతోంది. ఊరు వదిలి పోదామన్నా, పోయిందంటే తీసుకుని పోయిందనే అంటారు.

మర్నాడు చర్చి నుంచి తిరిగొస్తూ ఉన్నట్టుండి ఒక మాట తట్టింది. చేరని చెక్కులు. అచ్చు షాపు చెక్కు సరే, నిన్నగాక మొన్నటిది. కానీ అప్పు కోసం ఆరు నెలలు తిరిగిన ముగ్గురు ఆడవాళ్లు, చెక్కు చేతికొచ్చి పది రోజులైనా ఎందుకు మార్చుకోలేదు? కామాక్షయ్య గారు అదే అడుగుతారు. దానికి జవాబు తన దగ్గర లేదు.

అటు నుంచి అటే రెబెక్కమ్మ ఇంటికి వెళ్లింది. వలలు కొనడానికి అప్పు తీసుకున్న మనిషి, పాత వల ముందేసుకుని ముడులు వేస్తోంది.

"అక్కా, చెక్కు ఇంకా వెయ్యలేదేం?"

"వెయ్యొద్దన్నాడు గదమ్మా. చెక్కిచ్చిన మర్నాడు పొద్దుగూకే యాళకి పెంచలకృష్ణ వచ్చినాడు. బ్యాంకులో ఏందో కంప్యూటరు పని, నేను చెప్పిందాకా వెయ్యబాకండి, తిరిగొస్తే మీకే చెడ్డపేరు అని చెప్పిపోయినాడు. నీకు తెలీదా?"

"తెలీదక్కా" అని కెజియా అటే మిగతా ఇద్దరి దగ్గరికీ వెళ్లింది. పుష్పకుమారిని అడిగింది, బిందునూ అడిగింది. ఇద్దరికీ అదే మర్నాడు, అదే మాట. ఖాతాలో అప్పటికి ఉన్నది ముప్పై వేలకు లోపు. మూడు చెక్కుల్లో ఏది వేసినా తిరిగొచ్చేదే. సంచి తనకు అందలేదని చెప్పబోయే మనిషి, బ్యాంకులో డబ్బు లేదని మర్నాడే ఎట్లా తెలుసుకున్నాడు?

ఇది తనను పూర్తిగా బయటపడేయదని ఆమెకు తెలుసు. అయినా రెండు రోజుల్లో మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. ఇంటికొచ్చి తెల్లకాగితం మీద పట్టిక మొదటినుంచీ రాసింది. చేరని చెక్కులు నాలుగు, తేదీలతో. దారిలో ఉన్న జమ ఒక్కటే, అరవై రెండు వేలు. వడ్డీ, చార్జీలు. వాటికి దూరంగా, కింద విడిగా ఒక వరుస: 'మార్చి 26న జమ చేసినట్టు నగదు పుస్తకంలో ఉన్నది, బ్యాంకులో లేనిది, రసీదు లేనిది: 1,80,000.' కింద సంతకం పెట్టింది.

ఆరో తేదీ సంఘం గదిలో ముప్పై మంది దాకా ఆడవాళ్లు చేరారు. కామాక్షయ్య కళ్లద్దాలు సవరించుకుని పట్టికను పైనుంచి కిందికి చదివాడు. పాస్ బుక్కు అడిగి తీసుకుని వరుసలు పోల్చాడు. ఆఖరి వరుస దగ్గర వేలు ఆగింది.

"ఇదేందమ్మా?"

కెజియా లేచి నిలబడింది. "ఆ డబ్బులు లెక్కపెట్టి పెంచలకృష్ణన్న చేతికిచ్చినాను సార్. స్లిప్పు చూడకుండా జమ అని రాసినాను. అది నా తప్పు. ఒప్పుకుంటా ఉండాను."

గదిలో గోల లేచింది. పెంచలకృష్ణ కుర్చీలోంచి కదల్లేదు. "నాకియ్యలా," అన్నాడు. "అంత డబ్బు ఇచ్చుంటే నా సంతకం తీసుకోదా?" కొందరు తలలూపారు. పొద్దున దాకా పలకరించిన ఆడవాళ్లు తన వైపు కొత్త మనిషిని చూసినట్టు చూడటం కెజియా గమనించింది.

కామాక్షయ్య మళ్లీ పట్టిక అందుకున్నాడు. "సరే, ఇది పక్కన పెట్టండి. ఈ మూడు చెక్కులేంది? పది రోజులుగా ఎవురూ వేసుకోలేదేం? రెబెక్కమ్మ ఎవురు?"

రెబెక్కమ్మ లేచి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పుష్పకుమారీ చెప్పింది. బిందు చెక్కు తీసి బల్ల మీద పెట్టి, "ఇరవై ఏడో తేదీ మా ఇంటికాడికి కూడా వచ్చినాడు సార్" అంది.

కామాక్షయ్య పెంచలకృష్ణ వైపు తిరిగాడు. "డబ్బు మీకందలేదు. మరి చెక్కులు తిరిగొస్తాయని మీకెవురు చెప్పినారు? పుస్తకం ప్రకారం లక్షా ఎనభై వేలు పడినట్టే గదా?"

పెంచలకృష్ణ కుర్చీ ముందుకు జరిపి ఏదో చెప్పబోయాడు. గోడవారగా కూర్చున్న వెంకటశేషమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంక చాల్లే," అంది భర్తతో. తర్వాత అందరికీ వినబడేటట్టు, "మేతోళ్లకు కట్టినాడు సార్. నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను," అంది.

డబ్బు తిరిగి కడతానని ఆ సాయంత్రమే ఆయన చేత కాగితం రాయించారు. కేసు పెట్టాలని కొందరు, డబ్బు రావాలంటే కేసు వద్దని కొందరు వాదించుకున్నారు. పెంచలకృష్ణ చెరువు నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు అమ్మి ఏప్రిల్ ఇరవైన లక్ష కట్టాడు. మిగిలింది జూన్ మొదట్లో కట్టాడు. చెక్కులకు మూడు నెలల గడువు తీరకముందే ముగ్గురూ డబ్బు తీసుకున్నారు. వెంకటశేషమ్మ పదవి వదులుకుంది. స్లిప్పు లేకుండా రాసినందుకు కామాక్షయ్య తన నివేదికలో కెజియా పేరూ ఎక్కించాడు. సంఘం ఆమెకు రెండు నెలల జీతం ఆపింది.

రవి కుమార్‌ను ఏడో తేదీనే బండి దించేశారు. అతనిప్పుడు కొడవలూరులో వడ్ల లారీ తోలుతున్నాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. ఊళ్లో సగం మంది కెజియాతో బాగానే ఉంటారు. మిగతా సగం, కష్టంలో ఉన్నవాణ్ణి బజారుకీడ్చిందంటారు. చెరువు గట్టు మీద ఎదురుపడితే పెంచలకృష్ణ తల తిప్పుకుంటాడు. పక్కదారి లేదు గనుక ఆమె కూడా తల తిప్పుకుని, ఆ గట్టు మీదనే నడిచి వెళుతుంది.